స్టాక్ లేదని కస్టమర్‌కి చెప్పేటప్పుడు కొత్త తేదీ ఎలా ఇవ్వాలి?

ప్రశ్న: ఒక ఆర్డర్‌లో నల్ల రంగు ఆఫీస్ కుర్చీ, టేబుల్ ల్యాంప్ ఉన్నాయి. కుర్చీ అయిపోయింది. సప్లయర్ “జూన్ 14” అంటున్నాడు. కస్టమర్‌కి అదే తేదీ చెప్పేయొచ్చా? మెయిల్‌లో ఏం రాయాలి?

జవాబు: చెప్పకండి. ముందు ఆ 14 ఏమిటో సప్లయర్‌నే అడగండి: సరుకు వాళ్ల దగ్గర బయలుదేరే రోజా, మీ గోడౌన్‌లో దిగే రోజా? చాలాసార్లు అది బయలుదేరే రోజే అవుతుంది. దారిలో నాలుగు రోజులు, దించి లెక్క చూసి సిస్టమ్‌లో ఎక్కించడానికి ఒక రోజు, ప్యాకింగ్‌కి ఒక రోజు వేసుకుంటే 20 అవుతుంది.

అసలు చిక్కు వరుసలో ఉంటుంది. వచ్చే లోడ్‌లో 40 కుర్చీలుండి, ఈ కస్టమర్ కంటే ముందే 46 ఆర్డర్లు ఆగి ఉంటే, ఆ లోడ్‌లో ఇతనికి కుర్చీ లేనట్టే. స్టాక్ స్క్రీన్ మీద “40 వస్తున్నాయి” అని చూసి మాట ఇచ్చేవాళ్లు తప్పేది ఇక్కడే. తర్వాతి లోడ్ జూన్ 24న బయలుదేరితే, అదే లెక్కన 30కి పంపగలరు. సప్లయర్ మామూలుగా రెండు మూడు రోజులు జాప్యం చేసేవాడైతే జూలై 3 అని చెప్పండి. ముందే పంపగలిగితే ఎవరూ బాధపడరు.

మెయిల్ ఇలా రాయొచ్చు:

“మీరు ఆర్డర్ చేసిన నల్ల కుర్చీ ప్రస్తుతం స్టాక్‌లో లేదు, క్షమించండి. జూలై 3న మా గోడౌన్ నుంచి పంపుతాం, మీకు చేరడానికి మరో మూడు నాలుగు రోజులు పడుతుంది. ల్యాంప్ రేపే పంపుతున్నాం, విడిగా పంపినందుకు అదనపు చార్జీ ఉండదు. అంతకాలం ఆగడం కష్టమైతే ఇదే మోడల్ బూడిద రంగులో ఉంది, రేపే పంపగలం. వద్దనుకుంటే కుర్చీ డబ్బు పూర్తిగా వాపసు ఇస్తాం. జూన్ 10 లోపు ‘ఆగుతాను’, ‘బూడిద రంగు’, ‘రద్దు’ అని ఏదో ఒకటి జవాబివ్వండి. జవాబు రాకపోతే నల్ల కుర్చీ ఆర్డర్‌నే కొనసాగిస్తాం.”

పంపే తేదీ, చేరే తేదీ విడివిడిగా చెప్పడం చాలా అవసరం. లేకపోతే 3వ తేదీనే ఇంటికొస్తుందనుకుని ఆ రోజు సాయంత్రం ఫోన్ చేస్తారు.

ప్రత్యామ్నాయంగా వేరే మోడల్ చూపిస్తే తేడా దాచకండి. “చేతులు పైకీ కిందికీ జరగవు” అని ముందే చెబితే కుర్చీ వెనక్కి రాదు. అడగకుండా మాత్రం ఏదీ మార్చి పంపొద్దు. మెయిల్ పంపే ముందే ఒక బూడిద కుర్చీని ఆ ఆర్డర్ పేరు మీద 10వ తేదీ దాకా పక్కన పెట్టండి, లేకపోతే ఈలోగా అది ఇంకొకరికి అమ్ముడైపోతుంది.

24 సాయంత్రం లోడ్ నిజంగా బయలుదేరిందో లేదో కనుక్కోండి. కదలకపోతే 3 వచ్చేదాకా ఆగకుండా ఆ మర్నాడే కస్టమర్‌కి చెప్పండి. ఈ రెండోసారి మౌనాన్ని అంగీకారంగా తీసుకోవద్దు: ‘ఆగుతాను’ అని జవాబు వస్తేనే ఆర్డర్ ఉంచండి, రాకపోతే రద్దు చేసి డబ్బు పంపేయండి.