తెలియజేయునది ఏమనగా... తీసేస్తే మర్యాద తగ్గుతుందా?

సందేహం: ఆఫీస్ మెయిల్స్ తెలుగులో రాసేటప్పుడు "పై విషయమునకు సంబంధించి", "తెలియజేయునది ఏమనగా" లాంటివి తీసేయొచ్చా అండీ? తీసేస్తే మొరటుగా ఉంటుందేమో అని భయం.

సమాధానం: నిక్షేపంగా తీసేయండి. కాకపోతే ముందున్నది ఒక్కటే తీస్తే చాలదు, తెలుగులో ఈ మాటలు వాక్యానికి రెండు చివర్లా ఉంటాయి, మొదట్లో "ఏమనగా" అని ఎత్తుకుంటే చివర్న "అని తెలియజేయడమైనది" అనో "కోరడమైనది" అనో ముగించాల్సి వస్తుంది. చాలామంది ముందుది కొట్టేసి తోక వదిలేస్తారు, అందుకే మెయిల్ ఇంకా బిగుసుకుపోయినట్టే ఉంటుంది.

ఇది చూడండి: "పై విషయమునకు సంబంధించి తెలియజేయునది ఏమనగా, మీరు జూన్ 12న పంపిన ఇన్వాయిస్ పరిశీలించబడినది మరియు అందు చిరునామా తప్పుగా ఉన్నందున సదరు ఇన్వాయిస్‌ను సరిచేసి పంపవలసినదిగా కోరడమైనది."

ఇందులో పనికొచ్చే కబురు రెండే ముక్కలు. "జూన్ 12న మీరు పంపిన ఇన్వాయిస్‌లో మా చిరునామా తప్పుగా ఉందండి. దయచేసి సరిచేసి మళ్ళీ పంపండి." అంతే. "పరిశీలించబడినది" ఎందుకు పోయిందంటే, చూడకపోతే తప్పు ఎలా తెలుస్తుంది, అది వేరే చెప్పక్కర్లేదు. ఇంకోటి, "కోరడమైనది" అంటే కోరింది ఎవరో ఉండదు, దాన్ని తీసి మామూలుగా రాయగానే ఎప్పటిలోగా కావాలో అసలు రాయనేలేదని బయటపడుతుంది, నా దృష్టిలో ఇలా కత్తిరించడం వల్ల వచ్చే పెద్ద లాభం ఇదే. అప్పుడు "20వ తేదీలోపు" అని చేర్చుకోవచ్చు.

మర్యాద సంగతికొస్తే, అది మనకి "గారు", "మీరు", "అండి", "దయచేసి" వీటిలోనే ఉంది, "ఏమనగా"లో లేదు. పై రెండు వాక్యాలు ఎంత పెద్దవాళ్ళకి పంపినా తప్పు పట్టరు. "వెంటనే పంపాలి" అని రాస్తే మాత్రం ఆజ్ఞలా ఉంటుంది, అది పొట్టిగా ఉన్నందుకు కాదు, "పంపండి" అనకుండా "పంపాలి" అన్నందుకు.

"సంబంధించి" విషయంలో మాత్రం కొంచెం చూసుకుని కొట్టేయండి. దాని వెనకాల తేదీ, ఫైల్ నంబర్ లాంటివి ఉంటే అవతలివాళ్ళు పాత కాగితం వెతుక్కోడానికి అవే ఆధారం, కాబట్టి వాటిని ఉంచి సబ్జెక్ట్ లైన్‌లోకి గానీ పైన చేసినట్టు వాక్యంలోకి గానీ తెచ్చేయండి. ఉత్త "పై విషయమునకు సంబంధించి" అయితే సబ్జెక్ట్ ఎలాగూ పైనే కనిపిస్తోంది, పోనివ్వండి. లీగల్ నోటీసులూ, నమూనా ఇంతే అని ముందే ఖాయం చేసిన ఉత్తర్వులూ అయితే మనంతట మనం మార్చకూడదు, అవి రాయించినవాళ్ళని అడిగాకే ముట్టుకోండి.