పవర్‌బాల్‌లో ‘24.87లో 1’ అంటే ఏమిటి?

అమెరికా లాటరీ పవర్‌బాల్ స్లిప్ వెనక ఏదో ఒక ప్రైజ్ వచ్చే అవకాశం 24.87లో 1 అని ఉంటుంది. అంటే 25 టికెట్లు కొంటే ఒకటైనా తగులుతుందా?

తగలాలని లేదు, అది జాక్‌పాట్‌తో సహా తొమ్మిది రకాల ప్రైజులు వచ్చే అవకాశాలన్నీ కలిపిన అంకె.

ఆ కలపడంలోనే అసలు సంగతి దాగిపోతుంది. జాక్‌పాట్ అవకాశం సుమారు 29.22 కోట్లలో 1. అందులోంచి ఈ మొత్తానికి చేరేది లేనట్టే. అంకెను ఇంత ఆశాజనకంగా చేసేది అట్టడుగున ఉన్న 4 డాలర్ల ప్రైజులు. డ్రాలో తీసే ఐదు తెల్ల బంతులు, ఒక ఎర్ర బంతి నంబర్లలో ఎర్రది ఒక్కటే మన టికెట్‌తో కలిసినా, దానితో పాటు ఒక తెల్లది కలిసినా వచ్చేది 4 డాలర్లే.

2 డాలర్ల మామూలు టికెట్లు వెయ్యి కొన్నారనుకోండి, ఖర్చు 2,000. సగటున 40 టికెట్లకు ప్రైజ్ వస్తుంది. అందులో 37 దాకా 4 డాలర్లవి, ఓ మూడు 7 డాలర్లవి. చేతికొచ్చేది 170 డాలర్ల లోపే. (క్యాలిఫోర్నియాలో ప్రైజ్ మొత్తాలు డ్రాను బట్టి మారతాయి.) ఆ పైన ఉన్న 100 డాలర్ల ప్రైజ్ ఒక్కటైనా రావాలంటే సగటున పదివేల టికెట్లు కావాలి.

ఇక 25 టికెట్ల లెక్క. ఒక్కో డ్రాకు ఒక్కో టికెట్ చొప్పున 25 కొన్నా, ఒక్క ప్రైజూ రాకపోయే అవకాశం దాదాపు 36 శాతం. ముందు టికెట్లు పోయాయని తర్వాతి టికెట్‌కు అవకాశం పెరగదు. స్క్రాచ్ కార్డుల మీది అంకెలో అయితే టికెట్ ధర మాత్రమే తిరిగొచ్చే ‘గెలుపు’ కూడా తరచుగా కలిసే ఉంటుంది.