అందరి చేతులకూ గాజులు, నాకు మాత్రం పిలుపు లేదు

ప్రశ్న: నా వయసు 33. పెళ్ళై ఆరేళ్ళు, పిల్లల్లేరు, మందులు వాడుతున్నాం. డిగ్రీలో ఒకే హాస్టల్ గదిలో ఉన్న ఐదుగురం ఇప్పుడు హైదరాబాద్‌లోనే ఉంటున్నాం. పోయిన ఆదివారం ఒకామె ఇన్‌స్టాలో స్టోరీ పెట్టింది. నలుగురూ ఒకచోట, అందరి చేతులకూ కొత్త గాజులు. మాలో ఒకామెకు సీమంతమని అప్పుడు అర్థమైంది. మా ఐదుగురి వాట్సాప్ గ్రూపులో ఆ మాటే రాలేదు, అంటే నేను లేని గ్రూపు ఇంకోటి ఉంది. నిరుడు ఇంకో ఫ్రెండ్ బాబు బారసాలకు పిలిచారు కానీ తలనొప్పని చెప్పి నేనే వెళ్ళలేదు. మా ఆయన 'ఇంత చిన్నదానికా' అంటున్నారు. గ్రూపులోంచి వెళ్ళిపోనా? ఆ ఫోటోకి లైక్ కొట్టాలా వద్దా?
- ఒక సోదరి, హైదరాబాద్

జవాబు: ముందు మీ వారి మాట సంగతి చూద్దాం. కిప్లింగ్ విలియమ్స్ అనే సైకాలజిస్టు ఒక ప్రయోగం చేశారు. కంప్యూటర్ తెర మీద ముగ్గురు బంతి విసురుకుంటూ ఉంటారు. కాసేపయ్యాక మిగతా ఇద్దరూ మూడో మనిషికి బంతి వేయడం మానేస్తారు. అంతే ఆట. డబ్బు పోదు, పరువూ పోదు, ఆ ఇద్దరూ ఎవరో కూడా తెలియదు. అయినా ఆ కొద్ది నిమిషాలకే మూడో మనిషి మనసు చిన్నబుచ్చుకుంటుంది. అవతల ఆడేది మనుషులు కాదు, కంప్యూటరేనని ముందే చెప్పినా అంతే. ముక్కూమొహం తెలియనివాళ్ళ ఆటలోనే అలా ఉంటే, ఒకే గదిలో మూడేళ్ళు పడుకున్నవాళ్ళ దగ్గర ఎలా ఉంటుందో మీ వారిని ఒకసారి ఊహించుకోమనండి.

ఇక ఆ ఇంకో గ్రూపు. మిమ్మల్ని ఎక్కువగా తొలిచేస్తున్నది అదేనని నాకనిపిస్తోంది. ఇలాంటి గ్రూపులు ఎలా పుడతాయో గుర్తు తెచ్చుకోండి. చీర ఏ రంగుది కొందాం, డబ్బులు ఎవరికి పంపాలి అని మాట్లాడుకోవడానికి ఒకామె మూడు పేర్లు టిక్ పెట్టి గ్రూపు చేస్తుంది. మీ పేరు దగ్గర టిక్ పెట్టనిది ఒక్క మనిషి. మిగతావాళ్ళు గ్రూపులోకి వచ్చి చూసి, 'అది లేదేంటి?' అని అడగలేదు. తప్పు అందరిదీ ఉంది, కానీ తప్పులు రెండు రకాలు. నలుగురూ కూర్చుని మిమ్మల్ని తీసేద్దామని తీర్మానం చేసినట్టు మీరు ఊహించుకుంటున్నారు. నిజంగా దాచాలనుకుంటే స్టోరీ మీకు కనబడకుండా పెట్టడం ఇన్‌స్టాలో రెండు నిమిషాల పని. పెట్టినామె ఆ పని చేయలేదు. దాన్ని ప్రేమ అనను, కుట్ర అని కూడా అనను.

మరి టిక్ ఎందుకు పెట్టలేదు? మీ పరిస్థితిలో నాకు తరచు కనబడే కారణాలు రెండు. ఒకటి పెద్దవాళ్ళు. కొన్ని ఇళ్ళల్లో సీమంతానికి పిల్లల తల్లులనే పిలవాలనే పట్టింపు ఇంకా ఉంది. ఎవరికి బొట్టు పెట్టి పిలవాలో కడుపుతో ఉన్న పిల్ల చేతిలో ఉండదు, అత్తగారి చేతిలోనో అమ్మ చేతిలోనో ఉంటుంది. ఆ పట్టింపు తప్పు, అందులో నాకు సందేహం లేదు. కానీ అది మీ స్నేహితురాలి మనసులోంచి వచ్చిందా, ఆమె నోరు మెదపలేకపోయిందా అన్నది వేరే ప్రశ్న. రెండోది జాలి. బారసాల రోజు మీకు వచ్చిన తలనొప్పి ఎలాంటిదో వాళ్ళకు తెలియదనుకుంటున్నారా? హాస్టల్ స్నేహితులకు అవి బాగానే అర్థమవుతాయి. 'పిలిస్తే రాలేక ఇబ్బంది పడుతుంది, పిలవకపోతేనే నయం' అని ఎవరో అనుంటారు. మంచి చేస్తున్నామనుకుని మనిషిని గడప బయట నిలబెట్టడం అంటే ఇదే.

నా దగ్గరికి వచ్చిన ఒకామె కథ దాదాపు మీదే. ఆమె వారం రోజులు ఏమీ అనకుండా ఉండి, తర్వాత 'మనుషుల అసలు రంగు బయటపడింది' అని స్టేటస్ పెట్టింది. స్నేహితులు దాని గురించి ఇంకో గ్రూపులో చర్చించుకున్నారు తప్ప, ఒక్కరూ ఫోన్ చేయలేదు. స్టేటస్‌కు జవాబు చెప్పాల్సిన బాధ్యత ఎవరి మీదా పడదు, అందుకే. నెల తర్వాత ఆమె ఆ స్నేహితుల్లో తనకు బాగా దగ్గరైన ఒకామెకు ఫోన్ చేసింది. అవతలి ఆమె ఏడ్చేసింది. అత్తగారు వద్దన్నారట, ఆ మాట నీకెలా చెప్పాలో తెలియక ఎవరమూ చెప్పలేదంది. ఇంకొకామెకు చేస్తే మాత్రం 'నువ్వు బిజీగా ఉంటావనుకున్నాం' అని మాట మార్చి, ఫోన్ పెట్టేసే తొందరలో పడింది. ఒకే ఫోటోలో ఉన్న ఇద్దరు ఒకలాంటివాళ్ళు కాదని ఆమెకు అప్పుడు తెలిసింది. మొదటామెతో ఇప్పటికీ రాకపోకలున్నాయి. రెండో ఆమెతో పండగ శుభాకాంక్షలతో సరి.

మీరూ మీకు బాగా దగ్గరైన ఒకామెకు ఫోనే చేయండి. గ్రూపులో రాయొద్దు, వాయిస్ మెసేజ్ కూడా వద్దు, అది నలుగురి చెవులకూ చేరుతుంది. సీమంతం జరిగిన అమ్మాయికి మొదట చేయకండి. ఆమెకు అది ఏడో నెలో తొమ్మిదో నెలో అయ్యుంటుంది, ఇంట్లో పక్కనే పెద్దవాళ్ళుంటారు, మనసు విప్పి మాట్లాడలేదు. తెలియనట్టు మొదలుపెట్టి వాళ్ళ నోటితో చెప్పించాలని చూడకండి. స్టోరీ ఎవరు చూశారో పెట్టినవాళ్ళకు పేర్లు కనబడతాయి, మీరు చూశారని స్టోరీ పెట్టినామెకు ఆదివారమే తెలుసు. సూటిగా ఇలా అనండి: 'స్టోరీ చూశానే. నన్ను పిలవలేదని బాధేసింది. కారణం ఏదైనా సరే చెప్పు, నేను వింటాను.' తర్వాత ఆగండి. అవతల ఎంతసేపు నిశ్శబ్దంగా ఉన్నా మీరు నింపొద్దు. 'అయినా పర్లేదులే' అని మీరే అనేస్తే, ఆ ఫోన్ చేసినా చేయనట్టే.

జాలి వల్లేనని తేలితే బారసాల సంగతి అప్పుడు మీరు కూడా ఒప్పుకోవాలి. తలనొప్పి కాదని, ఆ రోజు ఊయల పాటలు వినలేననిపించిందని చెప్పండి. మీరు ఇన్నాళ్ళూ చెప్పలేదు కాబట్టి వాళ్ళు సొంతంగా ఒక అర్థం తీసుకున్నారు. ఆ తర్వాత 'ఇకమీదట నన్ను పిలవండి, రావాలో మానాలో నేను చూసుకుంటాను' అనండి. పెద్దవాళ్ళ వల్లయితే, 'ముందే ఒక మాట చెప్పుంటే ఫోటోలో చూడాల్సి వచ్చేది కాదు కదా' అనే హక్కు మీకుంది. రెండూ కాక ఊరికే నసిగితే, ఆమెను ఇంక గుచ్చి అడగకండి. ఆ నసుగుడే జవాబు.

గ్రూపులోంచి ఇప్పుడే వెళ్ళిపోవద్దు. కోపం తెలియడానికే అనుకుంటే అది కూడా జరగదు, ఇప్పుడు వాట్సాప్‌లో ఎవరైనా వెళ్ళిపోతే అడ్మిన్‌కు తప్ప అందరికీ ప్రకటన వెళ్ళదు. ఈ వారం మాత్రం ఆ నలుగురి స్టోరీలూ మ్యూట్‌లో పెట్టుకోండి. పేరు మీద వేలు నొక్కి పట్టుకుంటే ఆ మాట వస్తుంది, వాళ్ళకు తెలియదు. రాత్రి పదకొండింటికి ఎవరి చేతికి ఎన్ని గాజులున్నాయో జూమ్ చేసి చూసుకునే పని తప్పుతుంది. నిద్ర, తిండి రెండు వారాలైనా దారికి రాకపోతే మాత్రం మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ-మానస్ 14416కు ఫోన్ చేయండి, తెలుగులోనే మాట్లాడతారు. పిల్లల కోసం మందులు వాడేటప్పుడు మనసు మామూలుగానే పలచబడి ఉంటుంది, మీ డాక్టరుకూ ఈ మాట చెవిన వేయండి.

లైక్ కొట్టకండి. లోపల మండుతుంటే పైకి కొట్టే లైక్‌ని వాళ్ళు 'అది మామూలుగానే తీసుకుంది' అని చదువుకుంటారు. ఫోన్ అయ్యాక మనసు కుదుటపడితే, ఆ అమ్మాయికి విడిగా ఒక మెసేజ్ పెట్టండి, ఒంట్లో ఎలా ఉందని.