రెండు సెషన్లకే చెల్లికి ఎక్కువైంది, మానేయమంటారా?

"తిత్లీ తుపాను రాత్రి భయం మా బావకి కౌన్సెలింగ్‌తో తగ్గింది. చిన్నప్పటి నుంచి నాన్న చేతి దెబ్బలు తిన్న చెల్లికి మాత్రం ఆ సంగతులు చెప్పిస్తుంటే ఒళ్లు మొద్దుబారుతోంది, నిద్ర లేదు. మానేయమంటారా?" – పలాస

మానొద్దు అక్కా, వేగం తగ్గించమనండి. బావగారిది ఒక్క రాత్రి దెబ్బ. చెల్లికి భయంతో పాటు 'నేను పనికిరాను' అన్న భావన, ఎవర్నీ నమ్మలేకపోవడం కూడా ఏళ్ల తరబడి పేరుకున్నాయి. మొద్దుబారడం మొండితనం కాదు, తట్టుకోలేక మెదడు ఫ్యూజ్ కొట్టేయడం. అప్పుడు ఆ మాటలు ఆపి, పాదాలు నేలకి ఆనించి, గదిలో కనిపించే ఐదు వస్తువుల పేర్లు చెప్పించాలి. అది తనంతట తానే చేసుకోగలిగి, నిద్ర కాస్త కుదిరాకే జ్ఞాపకాల జోలికి వెళ్లాలి. దానికి నెలలు పట్టొచ్చు.

ఇంతకీ చెల్లి ఇప్పటికీ నాన్నగారి ఇంట్లోనే ఉందా? దెబ్బలు ఆగకపోతే ముందు మీ దగ్గరికి తెచ్చుకోండి. చచ్చిపోవాలనుందని అంటే మాత్రం సెషన్ దాకా ఆగకుండా టెలీమానస్ హెల్ప్‌లైన్ 14416కి ఫోన్ చేయండి.