రోజుకు 55 డాలర్లే అనుకున్న కారు

తమ్ముడూ, మిర్యాలగూడ నుంచి కెనడాలోని బ్రాంప్టన్ వచ్చి మూడు నెలలు కాలేదు, అప్పుడే నలుగురు కలిసి వీకెండ్‌కి కారు కిరాయికి తీసుకుని ఒట్టావా పోతామంటున్నావు. పోండి. కానీ "రోజుకు 55 డాలర్లు, రెండు రోజులకు తలా 27న్నర" అని లెక్క రాశావు చూడు, దానికి నవ్వొచ్చింది. నా మొదటి ఏడాది నేనూ అచ్చం అదే లెక్క వేశాను.

మన నల్లగొండలో బండి మాట్లాడుకుంటే డ్రైవరే అన్నీ చెప్తాడు. ఇక్కడ చెప్పేవాడుండడు, కాగితం మీద సంతకం పెట్టించుకుంటారు. నా కాగితంలో రోజుకు 200 కిలోమీటర్లు, దాటితే కిలోమీటరుకు 25 సెంట్లు అని ఉంది. నేను చదవలేదు. శుక్రవారం సాయంత్రం నుంచి ఆదివారం సాయంత్రం దాకా రెండు రోజులు, అంటే 400 కిలోమీటర్లు. టొరంటో నుంచి ఒట్టావాకు పోనే దాదాపు 450! ఊళ్లో తిరుగుడు కలిపి తిరిగొచ్చేసరికి 960 అయింది. అదనం 560, దానికి 140 డాలర్లు, కిరాయి కన్నా ఎక్కువ.

పైగా ఫుల్ ట్యాంకుతో తీసుకుని ముప్పావు ట్యాంకుతో ఇచ్చాను. తగ్గింది పన్నెండున్నర లీటర్లు. బంకులో పోయిస్తే 20 డాలర్లతో పోయేది, వాళ్ల రేటు లీటరుకు 2.80 కాబట్టి 35 వేశారు. కిరాయి 110, ఆ 140, ఈ 35 కలిపి 285, మీద 13 శాతం పన్ను, మొత్తం 322 డాలర్ల 5 సెంట్లు. దారిలో పోయించుకున్న పెట్రోలు వేరే. నల్లగొండలో మా ఇంటి మూడు నెలల కిరాయి అది, రెండు రోజులు నిద్ర పట్టలేదు.

అదే షాపులో కిలోమీటర్ల లిమిట్ లేని కారు రోజుకు 75కు ఉంది. రెండు రోజులకు 40 ఎక్కువ. ఆ 40ని 25 సెంట్లతో భాగిస్తే 160. అంటే రెండు రోజుల్లో మొత్తం 560 కిలోమీటర్లు దాటే ప్రయాణమైతే లిమిట్ లేనిదే చవక, నయాగరాలాగా పోయి రావడానికి 300 లోపే అయితే లిమిట్ ఉన్నది చాలు. మీ కాగితంలో అంకెలు వేరే ఉండొచ్చు, లెక్క మాత్రం ఇదే. ఇన్సూరెన్స్, 25 ఏళ్లలోపు వాళ్లకు పడే అదనం కంపెనీ సైట్లో చూసుకో.

తాళం తీసుకోగానే పెట్రోలు ముల్లు, కిలోమీటర్ల మీటరు కనిపించేలా ఫోటో తియ్యి. తిరిగిచ్చేటప్పుడు షాపు దగ్గరి బంకులోనే నింపు, రసీదు పారెయ్యకు. ముందెక్కడో నింపి యాభై కిలోమీటర్లు నడిపినా చాలా కార్లలో ముల్లు ఫుల్ దగ్గరే ఉంటుంది, అందుకే కొందరు రసీదు అడుగుతారు.

ఇంకోటి. నాతో వచ్చిన ముగ్గురిలో ఒకడు తన వాటా ఇప్పటికీ ఇవ్వలేదు. బయలుదేరే ముందే తలా వంద డాలర్లు వసూలు చేసి నీ దగ్గర పెట్టుకో, మిగిలితే తిరిగి ఇద్దువు.