ఇంపాక్ట్ రిపోర్టు తెలుగులో రాయాలంటే ముందు ఫీల్డ్ వాళ్ళని అడగాలి

ప్రశ్న: మా సంస్థ వార్షిక నివేదికని ఇంగ్లీషు నుంచి తెలుగులోకి మార్చమన్నారు. బెనిఫిషియరీలు, కెపాసిటీ బిల్డింగ్, ఔట్‌కమ్, సస్టైనబిలిటీ... డిక్షనరీలో చూసి రాస్తే మా ఊళ్ళో వాళ్ళకి అర్థం కావట్లేదు. మీరు ఎలా చేస్తారు?

జవాబు: నేను నల్లగొండ జిల్లాలో, మర్రిగూడ వైపు ఊళ్ళలో మంచినీళ్ళ పని చేసే ఒక సంస్థకి రిపోర్టులు తెలుగు చేస్తుంటాను. డిక్షనరీ పక్కన పెట్టి, ఆ వాక్యం వెనక ఏం జరిగిందో తెలిసిన మనిషికి ఫోన్ చేయండి. దాతల కోసం రాసిన ఇంగ్లీషులో ఎవరు, ఏం చేశారు అన్నది కనిపించదు. తెలుగులో అది చెప్పకపోతే వాక్యం నిలబడదు.

ఒక ఉదాహరణ చెప్తాను, అంకెలు మార్చాను. ఇంగ్లీషు వాక్యాన్ని ఉన్నదున్నట్టు దించితే ఇలా వస్తుంది: 'సామర్థ్య నిర్మాణం ద్వారా 3,200 మంది లబ్ధిదారులకు సురక్షిత తాగునీటి ప్రాప్యత మెరుగుపరచబడింది.' ఫీల్డ్ కోఆర్డినేటర్‌ని అడిగితే తేలింది ఇది: నాలుగు ఊళ్ళలో ఫిల్టర్ నీళ్ళ ప్లాంట్లు పెట్టారు. 800 ఇళ్ళవాళ్ళు కార్డులు తీసుకున్నారు. ఇంటికి నలుగురు అనుకుని నాలుగుతో గుణిస్తే 3,200 వచ్చింది. ప్లాంటు రిజిస్టరు చూస్తే మార్చిలో వారానికి ఒక్కసారైనా నీళ్ళు పట్టుకెళ్ళినవి 510 ఇళ్ళు. ఇక 'సామర్థ్య నిర్మాణం' అంటే కమిటీ వాళ్ళకి ఫిల్టర్ మార్చడం, లెక్క రాయడం రెండు రోజులు నేర్పారు, అంతే.

చివరికి నేను రాసింది: 'నాలుగు ఊళ్ళలో నీళ్ళ ప్లాంట్లు పెట్టాం. 800 ఇళ్ళవాళ్ళు కార్డులు తీసుకున్నారు. మార్చిలో 510 ఇళ్ళవాళ్ళు కనీసం వారానికి ఒకసారి నీళ్ళు తీసుకెళ్ళారు. ప్లాంటు నడపడం, లెక్కలు రాయడం ఊరి కమిటీ వాళ్ళకి నేర్పాం.' కాస్త పొడుగైంది, ఫర్వాలేదు. అయితే 510 అన్న అంకె ఇంగ్లీషులో లేదు కాబట్టి నా అంతట నేను చేర్చలేదు. రిపోర్టు రాసినావిడకి చెప్పి, రెండు భాషల్లోనూ పెట్టించాను. తెలుగులో ఒకటి, ఇంగ్లీషులో ఒకటి ఉంటే రేపు దాత అడిగినప్పుడు ఇబ్బంది.

'లబ్ధిదారు' మాట నేను వీలైనంత వరకు వాడను. మన దగ్గర ఆ మాట వినగానే పింఛను, ఇల్లు లాంటి సర్కారు పథకం జాబితా గుర్తొస్తుంది. మీటింగులో చదివితే 'మా పేరు రాసిండ్రా? పైసలు ఎప్పుడు పడ్తయి?' అని అడుగుతారు. 'నీళ్ళు తీసుకెళ్ళినవాళ్ళు', 'శిక్షణకి వచ్చినవాళ్ళు' అని చేసిన పనితోనే చెప్పండి. ఒకే మనిషిని రెండు కార్యక్రమాల్లోనూ లెక్కేశారా అన్న సంగతి కూడా అప్పుడే బయటపడుతుంది.

ఔట్‌కమ్, ఇంపాక్ట్ అని రాసిన చోట ఇంకా జాగ్రత్తగా చూడాలి. 'ఏడాదిలో పిల్లల్లో ఫ్లోరోసిస్ తగ్గింది' అని ఇంగ్లీషులో కనబడితే నేను ఆగిపోతాను. నీళ్ళలో ఫ్లోరైడ్ ఎక్కువైతే పళ్ళకి, ఎముకలకి వచ్చే జబ్బు అది. పిల్లల పళ్ళ మీద ఫ్లోరైడ్ మరకలు చిగురు లోపల పన్ను తయారయ్యేటప్పుడే పడతాయి. పన్ను బయటికొచ్చాక మంచినీళ్ళు తాగినా అవి పోవు. ఇప్పుడు పుట్టిన పిల్లలు మంచినీళ్ళే తాగితే, వాళ్ళకి పాలపళ్ళు ఊడి కొత్త పళ్ళు వచ్చాక గానీ తేడా తెలియదు. ఇది డాక్టరు కన్నా ముందు మునుగోడు వైపు ఏ అవ్వని అడిగినా చెప్తుంది, కాబట్టి ఆ వాక్యం చదివి ఊళ్ళో నవ్వుతారు. అడిగితే సాధారణంగా దాని వెనక ఉండేది నీళ్ళ పరీక్ష ఫలితమే. అదే రాయండి: 'బోరు నీళ్ళలో ఫ్లోరైడ్ ఇంత ఉంది, ప్లాంటు నీళ్ళలో లీటరుకు 1 మిల్లీగ్రాము లోపే ఉంది.'

సస్టైనబిలిటీకి 'సుస్థిరత' అని పెడితే ఎవరికీ ఏమీ తెలియదు. మేం వెళ్ళిపోయాక మోటారు కాలితే డబ్బు ఎవరు పెడతారు? దానికి జవాబు రాయండి: 'క్యాన్‌కి వసూలు చేసే డబ్బులో కొంత రిపేర్ల కోసం కమిటీ బ్యాంకు ఖాతాలో వేస్తోంది.' అలాంటి ఏర్పాటు లేకపోతే ఆ పేరా తెలుగులో రాయడానికి ఏమీ ఉండదు, ఆ మాట ఆఫీసులో చెప్పేయండి.

డబ్బుల పేజీలో మిలియన్లని లక్షల్లోకి మార్చండి: 1.2 మిలియన్ అంటే 12 లక్షలు. 40 శాతం నుంచి 60 శాతానికి వెళ్తే '20 శాతం పెరిగింది' అనకండి, 40 మీద లెక్కేస్తే పెరిగింది 50 శాతం. 'వందలో 40 మంది ఉండేవాళ్ళు, ఇప్పుడు 60 మంది' అంటే గొడవ లేదు. ఆడిట్ అంకెల జోలికి మాత్రం పోకండి.

ప్రింటుకి ఇచ్చేముందు మహిళా సంఘం మీటింగులో రెండు పేజీలు పైకి చదివించండి. సంస్థలో పనిచేసేవాళ్ళతో కాదు, సంఘంలోనే ఒకావిడతో. ఎక్కడ ఆగి మళ్ళీ వెనక్కి వెళ్ళి చదివిందో అక్కడ పెన్సిల్‌తో గీత పెట్టుకోండి.