గిన్నె వైశాల్యం మూతి కన్నా తక్కువొస్తే?

ప్రశ్న: సార్, తిరుపతిలో బీటెక్ మెకానికల్ ఫస్టియర్ చదువుతున్నాను. మ్యాథ్స్‌లో భ్రమణ ఘనాల ఉపరితల వైశాల్యం దగ్గరే ఆగిపోతున్నా. ఫార్ములా వచ్చు, ఇంటిగ్రల్ రాసేస్తా, రూట్ దగ్గరికొచ్చేసరికి టెన్షన్. నాన్నకు చిత్తూరులో స్టీలు పాత్రల షాపు ఉంది. "ఇదే రాకపోతే మెకానికల్ ఎందుకు, సీఎస్‌ఈకి మారిపో" అంటున్నారు. మారమంటారా?

జవాబు: ఈ ఒక్క కారణంతో అయితే మారొద్దు. మీరు ఆగిపోతున్నది ఇంటిగ్రేషన్ రాక కాదు, రూట్‌ని విడిగా పట్టుకుని చూడటం వల్ల అనిపిస్తోంది. నాన్నగారి షాపులో ఉండేలాంటి లోతు గిన్నె ఒకటి తీసుకుందాం.

y = 6√x అనే వక్రాన్ని x = 0 నుంచి 16 వరకు x అక్షం చుట్టూ తిప్పండి. కొలతలు సెంటీమీటర్లలో అనుకుంటే 16 లోతు, మూతి దగ్గర 24 వ్యాసార్ధం ఉన్న గిన్నె వస్తుంది. దాన్ని సన్నటి రింగులుగా కోస్తే ఒక్కో రింగు చుట్టుకొలత 2πy. వెడల్పు మాత్రం dx కాదు. గిన్నె గోడ వాలుగా ఉంటుంది కాబట్టి ఆ వాలు వెంబడి కొలవాలి, అది √(1 + y′²) dx. ఇక్కడ y′ = 3/√x, అంటే y′² = 9/x.

S = 2π ∫₀¹⁶ 6√x · √(1 + 9/x) dx

చాలామంది పెన్ను ఇక్కడే ఆగుతుంది. రూట్ కింద 9/x ఉంది, x సున్నా అయితే అది అనంతానికి పోతుంది. గిన్నె అడుగున వక్రం నిట్టనిలువుగా లేస్తుంది మరి. కానీ ఆ రూట్‌ని ఒంటరిగా విప్పాల్సిన పనే లేదు. బయట ఉన్న √x ని లోపలికి పంపండి. x ఋణం కాదు కనుక √x · √(1 + 9/x) = √(x + 9). సున్నా దగ్గర భయపెట్టింది మాయమైపోయింది.

S = 12π ∫₀¹⁶ √(x + 9) dx = 8π [(x + 9)^(3/2)]₀¹⁶ = 8π(125 − 27) = 784π

పేపర్లలో ఎక్కువగా కనిపించే తప్పులు రెండు. మొదటిది, రూట్‌ని మరిచిపోయి ఉత్త dx రాయడం. అప్పుడు 512π వస్తుంది. ఆ గిన్నె మూతి మీద చదునైన మూత పెడితే దాని వైశాల్యమే π·24² = 576π. మూత కన్నా గిన్నెకు తక్కువ రేకు పట్టడం జరిగే పని కాదు కదా, తప్పు అక్కడే దొరికిపోతుంది. రెండోది, √(1 + 9/x) ని 1 + 3/√x అని విడగొట్టడం. దీంతో 1088π వస్తుంది. మూతతో పోల్చినా ఇది పట్టుబడదు, అందుకే ఎక్కువ ప్రమాదం. x = 16 పెట్టి చూడండి: అసలు విలువ √(25/16) = 5/4, విడగొట్టినది 7/4. రూట్‌ని సరళం చేసిన ప్రతిసారీ ఇలా ఒక అంకె వేసి చూసుకుంటే అర నిమిషం కూడా పట్టదు.

ఇక నాన్నగారి ప్రశ్న. 784π అంటే 28 సెంటీమీటర్ల వ్యాసార్ధం ఉన్న వృత్తం వైశాల్యమే. ఇలాంటి గిన్నెను రేకు నుంచి ప్రెస్‌లో లాగి చేస్తే, మందం పెద్దగా మారదనుకుని మొదట కోసే గుండ్రటి బిళ్ల సైజును ఈ లెక్కతోనే అంచనా వేస్తారు: 56 సెంటీమీటర్ల వ్యాసం. అంచు కత్తిరించడానికి కొంచెం ఎక్కువ ఉంచుతారు. రేకు కొన్నిచోట్ల సాగుతుంది కాబట్టి చివరి సైజు ట్రయల్‌లో తేలుతుంది. ఇది అచ్చంగా మెకానికల్ పనే. నాన్నగారికి బిళ్ల లెక్కే చూపించండి, ఇంటిగ్రల్ కన్నా అది బాగా ఎక్కుతుంది.

అన్ని రూట్లూ ఇంత మర్యాదగా ఉండవు. y = x² ని y అక్షం చుట్టూ తిప్పితే వ్యాసార్ధం x అవుతుంది, x√(1 + 4x²) సులువుగా పోతుంది. అదే వక్రాన్ని x అక్షం చుట్టూ తిప్పితే x²√(1 + 4x²) వచ్చి, జవాబులో లాగరిథమ్ దాకా వెళ్తుంది. అందుకే ప్రశ్నలో ఏ అక్షమో ముందు గీత గీసుకోండి. ఉద్యోగంలో ఇలాంటివాటిని సింప్సన్ పద్ధతితో కంప్యూటర్‌కి అప్పగిస్తారు, పరీక్షలో మాత్రం మీరే చేయాలి.

ఇంజనీరింగ్ డ్రాయింగ్, వర్క్‌షాప్ మీకు నచ్చుతున్నాయా లేదా అన్నది చూసుకుని బ్రాంచి సంగతి తేల్చుకోండి. ఈలోగా y = x³ ని 0 నుంచి 1 వరకు x అక్షం చుట్టూ తిప్పి చేయండి. ఇందులో బయటి x³ ని లోపలికి పంపకండి, 1 + 9x⁴ ని u అనుకుంటే దాని అవకలజానికి ఆ x³ పనికొస్తుంది. జవాబు π(10√10 − 1)/27, దాదాపు 3.56 రావాలి.